అమ్మకు నోరు పిడచకట్టుకుపోతోంది, నోట్లో చిలుము రుచి, ఎంత తాగినా దాహం. పరగడుపు షుగర్ మాత్రం 108

వనజ
సోమవారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. అమ్మకు 61 ఏళ్లు. పది రోజులుగా దాహం అంటోంది. మొదట ఎండల వల్లనేమో అనుకున్నాను. ఇప్పుడు మంచం పక్కన రెండు సీసాల నీళ్లు పెట్టుకుని పడుకుంటోంది, తెల్లారేసరికి రెండూ ఖాళీ. రాత్రి నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తోంది. నాలుక అంగిటికి అతుక్కుపోతోందట, మాట్లాడుతుంటే మాట తడబడుతోంది. దానికి తోడు నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు చిలుము రుచి. ఏం తిన్నా రుచి లేదని కంచం పక్కకు నెట్టేస్తోంది.

షుగరేమోనని శనివారం పరగడుపున రక్తపరీక్ష చేయించాను. 108 వచ్చింది. ల్యాబ్‌లో "షుగర్ లేదమ్మా, కాస్త జాగ్రత్తగా ఉండండి" అని పంపేశారు. మనసు కుదుటపడాల్సింది, పడలేదు. నా కళ్ల ముందే మనిషి వాడిపోతోంది. షుగర్ కాకపోతే ఇంకేమిటి? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

గోపాలం
సోమవారం, ఉదయం 7:15

అమ్మా వనజా, మీ అమ్మగారు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? నాకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఆ మాత్ర మొదలుపెట్టిన కొత్తలో సరిగ్గా ఇదే రుచి. పొద్దున లేవగానే నాలుక మీద పాత నాణెం పెట్టినట్టుండేది. ఒక నెలలో తగ్గిపోయింది. అదేమీ భయపడాల్సింది కాదు. మాత్ర భోజనం మధ్యలో వేసుకోమనండి, సర్దుకుంటుంది.

అయితే ఈమధ్య రెండు నెలలుగా నాకు మళ్లీ మొదలైంది. నాలుక మంట కూడా ఉంది. పాత మాత్రే కదా అని పట్టించుకోలేదు.

వనజ
సోమవారం, ఉదయం 7:32

లేదు బాబాయిగారూ, అమ్మకు షుగర్ లేదు కాబట్టి ఆ మాత్ర కూడా లేదు. మీరు చెప్పిన రుచి మాత్రం అచ్చం అదే.

కిరణ్మయి
సోమవారం, ఉదయం 8:05

వనజక్కా, ఇనుప రుచి అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు ఒంట్లో పెరిగాయని అర్థం. అది షుగర్ లక్షణమే. మందుల షాపులో మూత్రం పరీక్ష చేసే పట్టీలు దొరుకుతాయి, ఇంట్లోనే చూసుకోవచ్చు. అమ్మగారు ఏవైనా మాత్రలు వాడుతుంటే రెండు రోజులు అన్నీ ఆపి చూడండి. దాహం తగ్గితే మందుల వల్ల, తగ్గకపోతే షుగర్. నాకు దద్దుర్లు వచ్చినప్పుడు ఏ మాత్ర పడలేదో అలాగే కనిపెట్టాను.

శ్రీధర్
సోమవారం, ఉదయం 8:20

వనజగారూ, మిగతా సంగతులు తర్వాత. ముందు ఒక్క మాట: ఏ మాత్రా ఆపకండి. అమ్మగారు ఏమేం వాడుతున్నారో, ఒక్కొక్కటి ఏ తేదీన మొదలుపెట్టారో రాయండి. గత నెలలో మొదలై అయిపోయిన కోర్సులను కూడా కలపండి. పేరు, మోతాదు, వేసుకునే వేళ కావాలి. నేను ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. "దాహం, కానీ షుగర్ లేదు" అని వచ్చినవాళ్ల చీటీ చూస్తే సగం సమాధానం అందులోనే కనిపిస్తుంది.

వనజ
సోమవారం, ఉదయం 9:10

చీటీలన్నీ ముందేసుకుని రాస్తున్నాను.

అమ్లోడిపిన్ 5, బీపీకి, ఆరేళ్లుగా. అమిట్రిప్టిలిన్ 10, కాళ్ల తిమ్మిర్లకు, రాత్రిపూట, ఏడాదిగా. ప్రెడ్నిసొలోన్ 20, పొద్దున టిఫిన్ తర్వాత, ఇవాళ్టికి 24 రోజులు. భుజాలు, తుంటి బిగుసుకుపోయి చెయ్యి ఎత్తలేక, జడ కూడా వేసుకోలేకపోయేది. ఈ మాత్ర వేసిన మూడో రోజుకే లేచి తిరిగింది. చిగురు వాచిందని పళ్ల డాక్టర్ రాసిన మెట్రోనిడజోల్ 400, రోజుకు మూడు, ఐదు రోజులు. అది అయిపోయి నాలుగు రోజులైంది.

ఇప్పుడు రాస్తుంటే గమనించాను, చిలుము రుచి ఈ చివరి మందుతోనే మొదలైంది. దాహం అంతకంటే ఓ రోజు ముందే ఉంది.

శ్రీధర్
సోమవారం, ఉదయం 10:45

ధన్యవాదాలు. ఇంత వివరంగా రాసేవాళ్లు తక్కువ. నాకు తోచింది చెబుతాను, నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌దే.

మీరు మూడు బాధలను ఒకే మూటగా కట్టారు. వాటిని విడదీసి చూడాలి. చిలుము రుచికి మెట్రోనిడజోల్ బాగా పేరుపడ్డ మందు. వాడినంత కాలం ఉండి, ఆపాక కొన్ని రోజుల్లో పోతుంది. నోరు ఎండడం అమిట్రిప్టిలిన్ స్వభావం. అది ఉమ్మి ఊరే గ్రంథులకు వెళ్లే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఏడాదిగా వాడుతున్నారు కాబట్టి కొంత ఎండడం పాతదే అయి ఉంటుంది, అమ్మగారిని అడగండి. ఈ రెండూ నన్ను కంగారు పెట్టడం లేదు.

కంగారు పెడుతున్నది దాహం, రాత్రి నాలుగుసార్లు లేవడం. అమిట్రిప్టిలిన్ వల్ల నోరు ఎండితే రెండు గుక్కలు తాగగానే హాయిగా ఉంటుంది, మళ్లీ కాసేపటికి ఎండుతుంది. మూత్రం మాత్రం పెరగదు. పైగా ఆ మందు మూత్రం బిగబట్టించే రకం. మూత్రం ధారాళంగా, ఎక్కువగా, పదే పదే వస్తోందంటే నీళ్లు ఒంట్లోంచి బయటికి పోతున్నాయి, ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు అడుగుతోంది. ఇక్కడ దాహం కంటే మూత్రమే ముందు మొదలవుతుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్నంతా వెనక్కి పట్టుకోలేవు. మూత్రంలోకి జారిన చక్కెర తనతోపాటు నీళ్లను లాక్కుపోతుంది.

మరి పరగడుపున 108 ఎలా వచ్చింది అంటారు. సమాధానం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేళలో ఉంది. పొద్దున వేసుకున్న ఆ మాత్ర చక్కెరను పెంచే బలం నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో చూపిస్తుంది. మధ్యాహ్నం భోజనం సరిగ్గా ఆ వేళకే వస్తుంది. చక్కెర సాయంత్రం దాకా పైన ఉండి, రాత్రికి దిగుతూ, తెల్లారేసరికి దాదాపు మామూలైపోతుంది. మీరు రక్తం తీయించింది అది దిగిపోయిన గంటలో. స్టెరాయిడ్ వాడేవాళ్లలో పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి షుగర్ లేదనడం నేను చాలాసార్లు చూసిన పొరపాటు.

ఇవాళ రెండు పనులు చేయండి. మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు ఒకసారి, సాయంత్రం నాలుగైదింటికి ఒకసారి రక్తంలో చక్కెర చూడండి. గ్లూకోమీటర్ ఉంటే చాలు. ముందు సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకోమనండి. పండు తొక్క తీసిన వేలితో చూస్తే అంకె ఊరికే పెరుగుతుంది. రెండోది, రేపు పొద్దున నుంచి ఎల్లుండి పొద్దున దాకా తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాయండి. కొలత గీతలున్న పాత ప్లాస్టిక్ జగ్గు పనికొస్తుంది.

కిరణ్మయి
సోమవారం, ఉదయం 11:02

శ్రీధర్‌గారూ, నేను మందు ఆపమన్నది రెండు రోజులే కదా. దానికే ప్రమాదమా?

శ్రీధర్
సోమవారం, ఉదయం 11:30

ఈ మందు విషయంలో ప్రమాదమే అమ్మా. స్టెరాయిడ్ మూడు వారాలు దాటితే, ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. ఒక్కసారిగా మాత్ర తీసేస్తే తల తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం, సొమ్మసిల్లడం దాకా వెళ్లొచ్చు. ఆమెకు 24 రోజులు. చీటీలో ఇలాంటి మందు ఉండొచ్చనే నేను పొద్దున ఆదరాబాదరాగా ముందు ఆ మాట రాశాను. దద్దుర్లకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ పనికిరాదు.

కీటోన్ల గురించి మీరన్నది సగం నిజం. కీటోన్లు పెరిగితే ఊపిరిలో తియ్యటి, మిగలపండిన పండు లాంటి వాసన వస్తుంది, కొందరికి గోళ్ల రంగు చెరిపే ద్రవం వాసనలా ఉంటుంది. పక్కనున్నవాళ్లకు తెలిసే వాసన అది. చిలుము రుచి వేరు. అది ఒక్కటే ఉంటే షుగర్ అని చెప్పలేం, షుగర్ కాదనీ చెప్పలేం. మూత్రంలో చక్కెర చూసే పట్టీలకూ ఒక లోటుంది. రక్తంలో బాగా పెరిగితేనే అవి రంగు మారతాయి, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ పెరిగితే గానీ చూపించవు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకైతే రక్తంలో మామూలుగా ఉన్నా ఎప్పుడూ రంగు మారుతుంది. ఎందుకంటే ఆ మందు పనే చక్కెరను మూత్రంలోకి పంపడం.

పద్మజ
సోమవారం, మధ్యాహ్నం 12:10

నాదీ ఇదే సమస్య అండి. మూడేళ్లు షుగర్, షుగర్ అని మూడుసార్లు పరీక్ష చేశారు, ప్రతిసారీ మామూలే. నోరు ఎండి రొట్టె ముక్క నీళ్లు లేకుండా మింగలేకపోయేదాన్ని. కళ్లలో ఇసుక పోసినట్టుండేది. వరుసగా నాలుగు పళ్లు పుచ్చాయి. చివరకు కంటి డాక్టర్ కింది రెప్పలో చిన్న కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు ఉంచారు, అది తడవనే లేదు. షోగ్రెన్ అని తేలింది. ఒంటి రక్షణ వ్యవస్థే ఉమ్మి గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద దాడి చేస్తుందట. వనజగారూ, అమ్మగారికి కళ్లు కూడా చూపించండి. అందరూ షుగర్ వెంటే పడతారు, అసలుది ఆలస్యమవుతుంది.

శ్రీధర్
సోమవారం, మధ్యాహ్నం 12:40

పద్మజగారూ, మూడేళ్లు అలా తిరగాల్సి వచ్చినందుకు బాధగా ఉంది. మీ మాట ఇక్కడ రాయడం మంచిదే, చదివేవాళ్లలో మీలాంటివాళ్లు ఉంటారు. ఒక్క తేడా చూడండి. మీకు నోరు ఎండింది గానీ మూత్రం పెరిగిందని మీరు రాయలేదు. వనజగారి అమ్మగారికి పది రోజుల్లో ఉన్నట్టుండి రెండూ వచ్చాయి.

రఫీ
సోమవారం, మధ్యాహ్నం 1:25

మూత్రం పెరిగి, దాహం ఉండి, షుగర్ మామూలుగా ఉన్న కథ మా ఇంట్లో జరిగింది. మా తమ్ముడు ఎనిమిదేళ్లుగా మానసిక ఆరోగ్యానికి లిథియం వాడుతున్నాడు. రోజుకు ఆరు లీటర్లు తాగేవాడు. నోట్లో లోహం రుచి అనేవాడు. షుగర్ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. అతిగా తాగడం కూడా జబ్బులో భాగమే అనుకుని, ఇంట్లో పెద్దవాళ్లు నీళ్ల సీసాలు దాచేశారు. రెండో రోజుకు వాడి చేతులు వణికాయి, నడక తూలింది, వాంతులు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో లిథియం మోతాదు మించి ఉంది. నీళ్లు తగ్గేసరికి మందు ఒంట్లో నిలిచిపోయిందట. లిథియం వల్ల మూత్రపిండాలు నీటిని వెనక్కి పట్టుకునే శక్తి కోల్పోయాయని, వాడు తాగుతున్నది అవసరమయ్యే తాగుతున్నాడని అప్పుడు చెప్పారు. పైగా ఆ వారమే నడుంనొప్పికి ఐబుప్రొఫెన్ వేశాం, అదీ లిథియాన్ని పెంచుతుందట.

వాడి దగ్గర సీసా లాక్కున్న చేతుల్లో నావీ ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. కారణం తేలకముందు దాహంతో ఉన్నవాళ్ల నీళ్లు తగ్గించకండి.

వనజ
సోమవారం, మధ్యాహ్నం 1:50

రఫీగారూ, మీరు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. నిన్న రాత్రే అమ్మను "ఏడు దాటాక నీళ్లు తాగకు, నిద్ర పాడవుతోంది" అని కసిరాను. ఇక అనను.

ఇంకొకటి అడగాలి. చిలుము రుచికి ఏదీ సయించక అమ్మ నాలుగైదు రోజులుగా పళ్లరసాలు, తియ్యటి డ్రింకులు తాగుతోంది. చల్లగా గొంతు దిగుతోందని నేనే తెచ్చిపెట్టాను.

శ్రీధర్
సోమవారం, మధ్యాహ్నం 2:05

అవి ఈ గంట నుంచే ఆపండి, మంచినీళ్లు ఎంతైనా ఇవ్వండి. దాహానికి తియ్యటిది తాగితే చక్కెర పెరుగుతుంది, పెరిగిన చక్కెర ఇంకా మూత్రం తెప్పిస్తుంది, మళ్లీ దాహం. ఒకరోజులో చాలా దూరం వెళ్లిపోతుంది. అంకె చూడగానే ఇక్కడ రాయండి.

వనజ
సోమవారం, సాయంత్రం 4:35

రెండింటికి 263. ఇప్పుడు నాలుగున్నరకు 291. నమ్మలేక మళ్లీ చేతులు కడిగించి ఇంకో వేలితో చూశాను, 284. నా చేతులు వణుకుతున్నాయి. శనివారం 108, ఇవాళ 284, రెండూ ఒకే మనిషివా?

శ్రీధర్
సోమవారం, సాయంత్రం 4:50

ఒకే మనిషివి, రెండూ నిజమే. వేళలే వేరు.

టెన్షన్ పడకుండా ఇది చూడండి. అమ్మగారు మామూలుగా మాట్లాడుతున్నారా? వాంతులు, కడుపునొప్పి, మగత, గట్టిగా వేగంగా ఊపిరి తీయడం, ఇవేవైనా ఉన్నాయా? తాగిన నీళ్లు కడుపులో నిలుస్తున్నాయా? వీటిలో ఒక్కటి కనిపించినా, లేదా అంకె 400 వైపు పోతున్నా, మీటర్‌లో అంకెకు బదులు "HI" అని వచ్చినా, రాత్రయినా సరే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. పెద్ద వయసులో స్టెరాయిడ్ వల్ల చక్కెర 600 దాటి మనిషి మగతలోకి జారిపోవడం ఉంటుంది. మొదట్లో అది ఉత్త నీరసంలాగే కనిపిస్తుంది.

ఇవేవీ లేకపోతే ఇవాళే డాక్టర్‌కు ఫోన్ చేసి ఈ మూడు అంకెలు, వేళలతో సహా చెప్పండి. ముఖ్యంగా "ప్రెడ్నిసొలోన్ మీద ఉంది" అనే మాట ముందు చెప్పండి.

వనజ
సోమవారం, సాయంత్రం 5:20

బాగానే మాట్లాడుతోంది, వాంతులు లేవు. డాక్టర్‌గారు రేపు మధ్యాహ్నం భోజనం చేయించి, రెండు గంటలకు ల్యాబ్‌లో రక్తం ఇప్పించి రమ్మన్నారు. మీటర్ అంకెతో నిర్ధారణ చేయకూడదట. రాత్రి తొమ్మిదికి ఒకసారి చూసి ఫోన్ చేయమన్నారు.

గోపాలం
సోమవారం, రాత్రి 8:10

మూడు నెలల సగటు పరీక్ష కూడా చేయించమ్మా. అందులో అబద్ధం ఉండదు. నేను దాన్నే నమ్ముతాను.

శ్రీధర్
సోమవారం, రాత్రి 8:45

గోపాలంగారూ, మీ విషయంలో ఆ పరీక్ష సరైనదే. ఆమెకు చక్కెర పెరిగి రెండు మూడు వారాలే అయి ఉంటుంది. సగటు తీసేది రెండు మూడు నెలలకు. ముందటి మంచి రోజులు ఈ చెడ్డ రోజులను కప్పేస్తాయి. చేయించడం మంచిదే, స్టెరాయిడ్‌కు ముందు ఆమె పరిస్థితి ఏమిటో కొంత తెలుస్తుంది. అది మామూలుగా వస్తే మాత్రం "షుగర్ లేదు" అని మళ్లీ పొరబడకూడదు.

మీ గురించి కూడా ఒక మాట. మెట్‌ఫార్మిన్ రుచి మొదట్లో వచ్చి పోతుంది. తొమ్మిదేళ్ల తర్వాత కొత్తగా వస్తే ఆ మాత్ర మీద నేరుగా నెట్టేయకండి. చాలాకాలం వాడితే విటమిన్ బి12 తగ్గుతుంది. నాలుక మంట, నునుపుగా ఎర్రబడటం దాని ఆనవాళ్లు. కిడ్నీ పనితీరు తగ్గినా నోటి రుచి మారుతుంది. బి12, క్రియాటినిన్ రెండూ అడిగి చేయించుకోండి. పాదాల్లో తిమ్మిరి ఉంటే అదీ చెప్పండి, షుగర్ వల్లేనని సరిపెట్టుకోకండి.

గోపాలం
సోమవారం, రాత్రి 9:00

తిమ్మిరి ఉంది. సరిగ్గా అదే అనుకుని ఊరుకున్నాను. రేపు వెళతాను.

వనజ
బుధవారం, ఉదయం 10:15

నిన్న చాలా తిరిగాం, అందుకే రాయలేదు.

సోమవారం రాత్రి తొమ్మిదికి 214 ఉంది. నిన్న తెల్లవారి పరగడుపున 111. మధ్యాహ్నం ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తంలో 276. మూడు నెలల సగటు 6.1. కీటోన్లు లేవు. కిడ్నీ పరీక్ష, సోడియం, పొటాషియం బాగున్నాయి. ఇరవైనాలుగు గంటల కొలత ఇవాళ పొద్దుటికి పూర్తయింది. తాగింది 4.2 లీటర్లు, పోసింది 3.6 లీటర్లు. తియ్యటివన్నీ ఆపాక కూడా ఇంత.

డాక్టర్‌గారు శ్రీధర్‌గారు రాసిందే వేరే మాటల్లో చెప్పారు. అమ్మకు ముందే అంచు మీద షుగర్ ఉండి ఉంటుందని, స్టెరాయిడ్ దాన్ని అవతలికి తోసిందని. అమ్మ కుటుంబంలో ముగ్గురికి షుగర్ ఉంది, స్టెరాయిడ్ రాసినప్పుడు మేం ఆ సంగతి చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. ప్రెడ్నిసొలోన్ ఆపలేదు. పొద్దున టిఫిన్‌తో గ్లిక్లాజైడ్ 40 ఇచ్చారు, రాత్రికి ఏమీ ఇవ్వలేదు.

కిరణ్మయి
బుధవారం, ఉదయం 10:40

రాత్రికి ఎందుకివ్వలేదు? షుగర్ అంతుంటే రెండుపూటలా వేయాలి కదా అక్కా?

శ్రీధర్
బుధవారం, ఉదయం 11:15

పరగడుపున 111 ఉన్న మనిషికి రాత్రి కూడా ఆ మాత్ర వేస్తే తెల్లవారుజామున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆమెకు చక్కెర పెరిగేది పగలు, అందుకే మందు కూడా పగటిపూటే.

వనజగారూ, దీనికి ఇంకో కొస ఉంది, డాక్టర్‌ను తప్పక అడగండి. భుజాల నొప్పి అదుపులోకి వచ్చాక ప్రెడ్నిసొలోన్ మెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ తగ్గిన కొద్దీ చక్కెరా తగ్గుతుంది. అప్పుడు గ్లిక్లాజైడ్ అలాగే ఉంచేస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. తగ్గించే రెండు చీటీలూ ఒకే డాక్టర్ కంటపడాలి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో స్టెరాయిడ్ ఒకరు తగ్గిస్తారు, షుగర్ మాత్ర ఇంకొకరు రాసి ఉంటారు, మధ్యలో మనిషి పడిపోతారు.

పద్మజ
బుధవారం, మధ్యాహ్నం 12:30

వనజగారూ, నేను సోమవారం నా బాధలో పడి మీ ప్రశ్న సరిగ్గా చదవలేదు. మన్నించండి. నోరు ఎండడానికి నేను చేసేవి చెబుతాను. గుక్కగుక్కగా నీళ్లు, పంచదార లేని చూయింగ్ గమ్ నమలడం, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమడం. ఉమ్మి లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడనివ్వకండి, ఇంకా ఎండిపోతుంది.

వనజ
తర్వాతి మంగళవారం, రాత్రి 8:20

వారం తర్వాత సంగతులు. మూడు రోజుల తర్వాత గ్లిక్లాజైడ్ 80 చేశారు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటి అంకె 160 నుంచి 185 మధ్య ఉంటోంది. రాత్రి ఒక్కసారే లేస్తోంది. మంచం పక్కన ఒక సీసా, అదీ సగం మిగులుతోంది. మూత్రం మళ్లీ కొలిచాం, 1.9 లీటర్లు. దూరం అక్షరాలు మసకగా ఉన్నాయని అంటోంది. కొత్త కళ్లజోడు చేయించబోతే, చక్కెర నిలకడగా కొన్ని వారాలు ఉన్నాకే కళ్లు చూపించుకోమన్నారు, ఇప్పుడు వచ్చే నంబరు నిలవదట.

నోరు ఎండడం పూర్తిగా పోలేదు. అడిగితే అమ్మ చెప్పింది, కొంత ఎండడం ఏడాదిగా ఉందట, చెప్పడానికి ఏముందిలే అనుకుందట. అమిట్రిప్టిలిన్ గురించి వచ్చే వారం మాట్లాడతాం.

నాకు అంతు చిక్కనిది చిలుము రుచి. మెట్రోనిడజోల్ ఆపి పన్నెండు రోజులు దాటింది, షుగర్ తగ్గింది, రుచి మాత్రం పొద్దునపూట ఇంకా ఉంది.

శ్రీధర్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:05

మెట్రోనిడజోల్ ఇంతకాలం ఉండకూడదు. నాకూ కచ్చితంగా తెలియడం లేదు. చిగురు వాచిందన్నారు కదా, పొద్దున ఉమ్మితే ఎరుపు కనిపిస్తోందేమో చూడండి. చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం కారినా నోట్లో ఇనుప రుచే వస్తుంది. రక్తంలో ఉన్నది ఇనుమే కదా. చక్కెర ఎక్కువున్న నోట్లో చిగుళ్లు మానడానికీ ఆలస్యమవుతుంది. ఐరన్, జింక్ మాత్రలేమైనా కొత్తగా మొదలుపెట్టారా?

వనజ
తర్వాతి మంగళవారం, రాత్రి 9:20

అలాంటి మాత్రలేమీ లేవు. ఎరుపు సంగతి రేపు పొద్దున చూస్తాను.

రఫీ
బుధవారం, ఉదయం 6:50

అమ్మగారు తేరుకున్నందుకు చాలా సంతోషం వనజగారూ. మా తమ్ముడికి లిథియం మోతాదు తగ్గించారు, ఇప్పుడు నాలుగు లీటర్ల దాకా తాగుతున్నాడు. ఇంకా తగ్గుతుందో, ఇంతేనో చెప్పలేమన్నారు. వాడి సీసా వాడి దగ్గరే ఉంటోంది.

గోపాలం
బుధవారం, ఉదయం 7:30

నా బి12 ఫలితం వచ్చింది, ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు. క్రియాటినిన్ బాగానే ఉంది. ఇవాళ మొదటి ఇంజెక్షన్. నాలుక మంట ఎన్నాళ్లకు తగ్గుతుందో ఇక్కడే రాస్తాను.

వనజ
బుధవారం, ఉదయం 7:45

పళ్లు తోమాక చూశాను. కింది చిగురు పక్కన గులాబీ రంగు కనిపించింది. శుక్రవారం పళ్ల డాక్టర్ దగ్గరకు తీసుకెళుతున్నాను. ఈసారి మందుల చీటీ మొత్తం, చక్కెర అంకెల పుస్తకం చేత్తో పట్టుకునే వెళతాను.